వచ్చిన లాట్‌లో రంగు తేడా: గుడ్డ పంపినవారికి రాసిన మెయిల్ ఒకసారి చూసి చెప్పండి

చిన్నకుట్టు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది చిన్న లేబుల్, చొక్కాలు మాత్రమే కుట్టిస్తాను. ఈసారి ఆలివ్ రంగు కాటన్ ట్విల్ 1,200 మీటర్లు ఆర్డర్ ఇచ్చాను. 12 రోల్స్ వచ్చాయి. పగటిపూట దింపుకున్నాం, ఒక్కో రోల్ కొస విప్పి చూశాం, అన్నీ ఒకేలా అనిపించాయి. తొందరలో రెండు రోల్స్ పరిచి 40 చొక్కాలకు కోయించేశాను. ఒళ్లు 3వ రోల్ నుంచి, చేతులు 9వ రోల్ నుంచి.

మొదటి చొక్కా కుట్టు పూర్తయ్యేసరికి చీకటి పడింది. హ్యాంగర్‌కు తగిలించి బల్బు వేశాను. ఒళ్లు ఆలివ్‌గానే ఉంది. చేతులు మాత్రం కాఫీ డికాషన్ ఒలికినట్టు ఎర్రబారి ఉన్నాయి. వేరే చొక్కా చేతులు తెచ్చి అతికించారేమోనని దర్జీని అడిగాను కూడా. మర్నాడు పొద్దున వాకిట్లోకి తెచ్చి చూస్తే తేడా దాదాపు కనిపించలేదు. మళ్లీ రాత్రి బల్బు కింద చూస్తే మళ్లీ అదే ఎరుపు. నా కళ్ల మీద నాకే అనుమానం వచ్చింది.

కోపంలో ఈ మెయిల్ రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు.

> విషయం: చాలా బాధ కలిగింది
>
> అయ్యా, మీరు పంపిన గుడ్డ రంగు ఏమీ బాగోలేదు. ఒక్కో రోల్ ఒక్కో రంగులో ఉంది. ఫోటోలు జతచేస్తున్నాను, మీరే చూడండి. ఇలాంటి నాణ్యత మీ నుంచి అనుకోలేదు. నా 40 చొక్కాలు పాడయ్యాయి, నా పేరు పోతోంది. వెంటనే ఏదో ఒకటి చేయండి. లేకపోతే ఇకపై మీ దగ్గర కొనడం గురించి ఆలోచించుకోవాల్సి వస్తుంది.

పంపేయమంటారా?

---

కత్తెరరాజు · సోమవారం, రాత్రి 10:05

పంపకండి. ముందు కోత ఆపించండి. మిగిలిన పది తానుల మీద కత్తెర పడకూడదు. బిల్లు వెనక సన్న అక్షరాలు ఎప్పుడైనా చదివారా? చాలామంది "కోసిన తర్వాత ఫిర్యాదు చెల్లదు" అని అక్కడ వేస్తారు.

ఒక చొక్కాకి రెండు తానులు కలపడం మీ తప్పే, ఏమీ అనుకోవద్దు. నేను కోత బల్ల దగ్గర పెరిగాను. ఒకే అద్దకపు లాట్ అయినా సరే, ఒళ్లు, చేతులు, కాలరు ఒకే తానులోంచి రావాలి. ముక్కముక్కకీ నంబరు చీటీ అంటించేది అందుకే.

---

చిన్నకుట్టు · సోమవారం, రాత్రి 10:12

ఒప్పుకుంటున్నాను. చేతుల ముక్కలకు విడిగా చిన్న మార్కర్, అంటే కోతకు గీసే అమరిక, వేస్తే గుడ్డ మిగులుతుందని ఆశపడ్డాను. కోత ఆపించాను.

---

ముగ్గుబుట్ట · సోమవారం, రాత్రి 10:30

నాకూ అచ్చం ఇలాగే జరిగింది! ముదురు ఎరుపు గుడ్డ, మొదటి ఉతుకులోనే రంగు దిగి తెల్ల కాలరుకు పట్టేసింది. గుడ్డను ముందే ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మా అత్తగారు చెప్పారు. మీరూ నానబెట్టి చూడండి.

---

కత్తెరరాజు · సోమవారం, రాత్రి 10:34

అమ్మా, ఆవిడ గుడ్డ రంగు దిగలేదు. రెండు తానులు రెండు రంగుల్లో వచ్చాయి. ఇప్పుడు నీళ్లలో వేస్తే వెనక్కి ఇవ్వడానికి కూడా పనికిరాదు.

---

నూలుపోగు · సోమవారం, రాత్రి 11:02

ఒక మాట. ఇస్త్రీ చేసిన వెంటనే చూశారా? మా గుడ్డ ఒకసారి ఇలాగే రెండు షేడ్‌లుగా కనిపించింది. నేను గొడవ పడి, రెండు రోజుల తర్వాత చూసుకుంటే అంతా ఒకటే. సిగ్గుపడి సారీ చెప్పాల్సి వచ్చింది. ఒక రాత్రి పరిచి వదిలేయండి, తేడా దానంతటదే పోతుంది.

---

అద్దకం మేస్త్రి · మంగళవారం, ఉదయం 6:15

పాతికేళ్లుగా అద్దకం పనిలో ఉన్నాను, కాబట్టి మెయిల్ అందుకునే వైపు నుంచి చెబుతాను.

నూలుపోగు గారి మాటలో సగం నిజం ఉంది. వేడి మీద, తడి మీద ఉన్న గుడ్డ షేడ్ తప్పుగా చూపిస్తుంది. చల్లారి, గాలిలోని తేమ తిరిగి పీల్చుకున్నాకే తీర్పు చెప్పాలి. మేమూ ఇస్త్రీ చేసిన ముక్కను వెంటనే చూడం. కానీ చిన్నకుట్టు గారి గుడ్డ పొద్దున కలుస్తోంది, రాత్రి విడిపోతోంది, మర్నాడు మళ్లీ అదే వరస. దాని అర్థం వేడి, తేమ కాదు. మారుతున్నది వెలుతురు.

దీని వెనక ఒక సంగతి ఉంది, మీ మెయిల్ మొత్తం దాని మీదే నిలబడాలి.

ఆలివ్ రంగు మామూలుగా మూడు రంగుల కలయికతో వస్తుంది: ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక నీలం. రెండు లాట్లలో అవే మూడు రంగులు వాడి, పాళ్లు మాత్రం కాస్త తప్పాయనుకోండి. అప్పుడు తేడా ఎండలోనూ కనిపిస్తుంది, బల్బు కిందా దాదాపు అంతే కనిపిస్తుంది. అలా కాక ఒక లాట్‌లో ఆ మూడింటిలో ఒకదాన్ని తీసేసి వేరే కంపెనీ రంగు వేశారనుకోండి. పగటి వెలుతురులో తెలివిగా కలిపేయవచ్చు. బల్బు పడగానే విడిపోతుంది. మా వాళ్లు దీన్నే మెటామెరిజం అంటారు. ఆలివ్, ఖాకీ, బూడిద రంగుల్లో ఇది ఎక్కువ. బల్బు కింద ఎర్రగా తిరగడం ఆలివ్‌కు పాత జబ్బు.

మీరు చెప్పిన లక్షణాలు రెండో రకానివి. అయితే రెండు రోల్స్ చూసి నేనే తీర్పు చెప్పడం తప్పు. పన్నెండూ చూడాలి.

ఇలా చేయండి. ప్రతి రోల్ నుంచి పన్నా మొత్తం వచ్చేలా అరచేయి వెడల్పు పట్టీ ఒకటి కోయండి. కొసన కాదు, ఒక మీటరు లోపలికి వెళ్లి. ప్రతి పట్టీ వెనక రోల్ నంబరు, పై వైపు బాణం గుర్తు వేయండి, ఎందుకంటే ట్విల్‌ను తిప్పి పెడితే అదే గుడ్డ వేరే షేడ్‌లా కనిపించవచ్చు. పట్టీని రెండు మడతలు వేసి, వరసగా, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా పరచండి. మధ్యలో సందు ఉంటే కన్ను మోసపోతుంది. పగలు కిటికీ దగ్గర ఒకసారి, రాత్రి బల్బు కింద ఒకసారి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, మీరు ఆమోదించిన ల్యాబ్ డిప్, అంటే అసలు అద్దకానికి ముందు నమూనాగా అద్దిన చిన్న ముక్క, మీ దగ్గర ఉందా? ఉంటే దాన్ని వరసలో మొదట పెట్టండి.

---

చిన్నకుట్టు · మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఉంది మేస్త్రి గారూ. సంతకం, తేదీ వేసి సగం వారికి పంపాను, సగం దాచుకున్నాను. రోల్ చీటీలు ఇప్పుడే సరిగ్గా చూశాను. 1 నుంచి 7 వరకు లాట్ 1 అని, 8 నుంచి 12 వరకు లాట్ 2 అని రాసి ఉంది. దింపుకున్న రోజు ఇది ఎవరి కంటా పడలేదు.

---

అద్దకం మేస్త్రి · మంగళవారం, మధ్యాహ్నం 1:05

అయితే కథ సగం అర్థమైంది. మీ గుడ్డ మీటరుకు 270 గ్రాములు ఉంటుందనుకుంటే 1,200 మీటర్లు అంటే 324 కిలోలు. జిగ్గర్ అనే అద్దకం యంత్రం మీద ఒకేసారి అంత ఎక్కకపోతే రెండుగా చీలుస్తారు. చీల్చడం తప్పు కాదు. రెండో విడత వేసేటప్పుడు డబ్బాలో ఏ రంగు ఉంది, ఏది అయిపోయింది, ప్రశ్న అక్కడుంది.

---

లెక్కపక్కా · మంగళవారం, మధ్యాహ్నం 2:40

కళ్లతో చూసి మెయిల్ రాస్తే ఎవరూ లెక్కచేయరు. గుడ్డల పరీక్షశాలకు ఇచ్చి స్పెక్ట్రోఫోటోమీటర్ మీద కొలిపించండి. డెల్టా ఇ అని, రంగు తేడా ఎంతో చెప్పే ఒక అంకె ఇస్తారు. 1 దాటితే లాట్ తిరస్కరించవచ్చు, అది అంతర్జాతీయ నియమం. ఆ అంకె పెట్టండి, నోరు మూసుకుంటారు.

---

అద్దకం మేస్త్రి · మంగళవారం, మధ్యాహ్నం 3:10

కొలిపించమన్నది మంచి సలహా. మిగతాది సరిదిద్దుకోండి. 1 అన్నది చాలామంది పెట్టుకునే హద్దు, నియమం కాదు. ఆర్డర్‌లో రాసుకుంటేనే అది ఇద్దరినీ కట్టేస్తుంది. ఇంకో చిక్కు, ఏ సూత్రంతో లెక్కగట్టారో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. అదే రెండు ముక్కలకు CMC ఒక అంకె ఇస్తుంది, CIELAB ఇంకో అంకె ఇస్తుంది. గుడ్డల్లో CMC 2:1 ఎక్కువ వాడతారు. ఏ వెలుతురుకు లెక్కించారో కూడా రాయించుకోండి. మీ గొడవంతా వెలుతురు గురించే కాబట్టి పగటి వెలుతురైన D65 ఒక్కటే చాలదు, ఫిలమెంట్ బల్బు వెలుతురైన A కి కూడా కొలవమనండి. D65 ఒక్కదానికే కొలిపిస్తే, ఆ కాగితం మీ చేతిలోకన్నా వారి చేతిలోనే ఎక్కువ పనికొస్తుంది.

---

గుడ్డలబేరం · మంగళవారం, సాయంత్రం 5:30

నేను అమ్మే వైపు ఉన్నవాడిని, కాస్త నా మాట కూడా వినండి. వారానికి ఇలాంటి మెయిల్స్ నాలుగు వస్తాయి. మూడింటిలో ఫోన్‌తో తీసిన ఫోటో ఉంటుంది. ఫోన్ కెమెరా తనకు తోచినట్టు రంగు మారుస్తుంది. మా దగ్గర కంప్యూటర్ తెర మీద ఇంకో రంగు కనిపిస్తుంది. అది చూసి మేమేం చేయాలి? "రంగు బాగోలేదు" అంటే ఏ రోల్, ఎన్ని మీటర్లు, దేనితో పోలిస్తే బాగోలేదు? ఇవేమీ లేని మెయిల్‌ను నిజంగానే పక్కన పెడతాం. "ఇకపై కొనను" అని ముందే బెదిరించిన వారికి మేం మాత్రం ఎందుకు ఖర్చుపెట్టాలి?

ఇంకొకటి. ఆర్డర్‌లో ఏ వెలుతురులో కలవాలో రాశారా? రాయకపోతే పగటి వెలుతురే లెక్క. అందులో కలిస్తే నా దృష్టిలో ఆ లాట్ పాస్.

---

చిన్నకుట్టు · మంగళవారం, సాయంత్రం 5:48

వెలుతురు సంగతి రాయలేదు. "ఆమోదించిన నమూనా ప్రకారం" అని మాత్రమే ఉంది.

---

కత్తెరరాజు · మంగళవారం, సాయంత్రం 6:02

చొక్కా వేసుకునేవాడు రాత్రిపూట చీకట్లో కూర్చుంటాడా గుడ్డలబేరం గారూ?

---

గుడ్డలబేరం · మంగళవారం, సాయంత్రం 6:20

వేసుకునేవాడు నాకు ఆర్డర్ ఇవ్వలేదు. కాగితంలో ఏముందో దాన్ని బట్టే నేను గుడ్డ ఇస్తాను.

---

చిన్నకుట్టు · గురువారం, సాయంత్రం 7:15

పట్టీలు పరిచి చూశాను. మేస్త్రి గారు చెప్పినట్టే జరిగింది. పగలు పన్నెండు పట్టీలూ, ల్యాబ్ డిప్ ముక్కా అన్నీ ఒక కుటుంబంలా ఉన్నాయి. 8 తర్వాత వాటిలో ఏదో తేడా ఉందని తెలిసి చూస్తే తప్ప పట్టుకోలేను. రాత్రి బల్బు వేయగానే 7కీ 8కీ మధ్య గీత గీసినట్టు విడిపోయింది. ల్యాబ్ డిప్ 1 నుంచి 7 వాటితోనే ఉండిపోయింది. అటు 8 నుంచి 12 వరకు ఐదూ ఎర్రగా ఉన్నా, వాటిలో వాటికి తేడా లేదు.

పరీక్షశాల అంకెలు కూడా వచ్చాయి. అన్నీ ల్యాబ్ డిప్‌తో పోల్చి CMC 2:1 లెక్కన కొలిపించాను. లాట్ 1 పగటి వెలుతురుకు 0.5, బల్బుకు 0.6. లాట్ 2 పగటి వెలుతురుకు 0.9, బల్బుకు 2.3.

మెయిల్ మళ్లీ రాశాను. ఫోన్‌లో మాట్లాడదామనుకున్నాను గానీ తర్వాత చూపించుకోవడానికి ఏదో ఒక కాగితం ఉండాలి కదా.

> విషయం: ఆర్డర్ 0417, ఆలివ్ ట్విల్: లాట్ 2 (8 నుంచి 12 వరకు రోల్స్) ఆమోదించిన ల్యాబ్ డిప్‌తో కలవడం లేదు
>
> నమస్కారం. ఆర్డర్ 0417 కింద 12 రోల్స్, 1,200 మీటర్లు అందాయి. లాట్ 1 లోని 7 రోల్స్ ఆమోదించిన ల్యాబ్ డిప్‌తో కలిశాయి. వాటి గురించి ఫిర్యాదు లేదు.
>
> లాట్ 2 లోని 5 రోల్స్, 500 మీటర్లు, పగటి వెలుతురులో ల్యాబ్ డిప్‌కు దగ్గరగా ఉన్నాయి, బల్బు వెలుతురులో స్పష్టంగా ఎర్రబడుతున్నాయి. పరీక్షశాల నివేదిక జతచేశాను. లాట్ 2 కి D65 లో 0.9, A లో 2.3 వచ్చింది. అదే ల్యాబ్ డిప్‌తో లాట్ 1 కి A లో 0.6 మాత్రమే ఉంది.
>
> తేడా గమనించేలోపు 9వ రోల్ నుంచి 24 మీటర్లు కోశాం. ఆ రోజే కోత ఆపాం. లాట్ 2 లో మిగిలిన 476 మీటర్లు కదపకుండా ఉంచాం. మీరు వచ్చి చూడవచ్చు.
>
> ప్రతి రోల్ నుంచి కోసిన పట్టీలో సగం, ల్యాబ్ డిప్‌లో ఒక ముక్క మీకు పంపుతున్నాం. మిగతా సగం మా దగ్గర ఉంటుంది. దయచేసి పగటి వెలుతురులోనూ, బల్బు వెలుతురులోనూ చూడండి.
>
> ల్యాబ్ డిప్ తయారుచేసిన రంగులతోనే లాట్ 2 బదులు గుడ్డ ఇవ్వమని కోరుతున్నాం. వచ్చే బుధవారంలోగా మీ నిర్ణయం తెలియజేయండి. అంతవరకు లాట్ 2 బిల్లు సొమ్ము ఆపి, లాట్ 1 సొమ్ము మామూలుగానే చెల్లిస్తాం.

---

ముగ్గుబుట్ట · గురువారం, రాత్రి 8:00

24 మీటర్లు కోశామని ఎందుకు చెప్పడం? వాళ్లకెలా తెలుస్తుంది? ఆ వాక్యం తీసేయండి.

---

అద్దకం మేస్త్రి · గురువారం, రాత్రి 8:25

తీసేయవద్దు. రోల్ వెనక్కి వెళ్తే వాళ్లు మొదట చేసేది మీటర్లు కొలవడం. 100 ఉండాల్సిన చోట 76 కనబడితే మెయిల్‌లోని మిగతా నిజాలు కూడా అబద్ధాలైపోతాయి.

మెయిల్ బాగుంది. నాకు బాగా నచ్చింది, లాట్ 1 బాగుందని ముందే ఒప్పుకోవడం. మొత్తం ఆర్డర్ మీద పడి ఏడవలేదు కాబట్టి మిగిలిన మాట నమ్మబుద్ధి అవుతుంది. కానీ ఒక ప్రశ్న అడగలేదు మీరు. లాట్ 2 లో వాడిన రంగులు ల్యాబ్ డిప్‌లో వాడినవేనా? అది అడగండి. వారు ఏం జవాబిచ్చినా మీకు లాభమే.

---

గుడ్డలబేరం · గురువారం, రాత్రి 8:50

ఈ మెయిల్ నాకొస్తే ఆ రోజే జవాబిచ్చేవాడిని. ఒప్పుకుంటానని కాదు, జవాబిస్తానంటున్నాను. సొమ్ము ఆపుతామనే వాక్యం మాత్రం నాకు గుచ్చుకుంటుంది.

---

చిన్నకుట్టు · శుక్రవారం, ఉదయం 10:30

ఆ ప్రశ్న అడగాలని తర్వాత చూశాను, అప్పటికే పంపేశాను. ఇప్పుడే జవాబు వచ్చింది.

> మీ నమూనాలు పరిశీలించాం. మా యంత్రంలో పగటి వెలుతురుకు 0.9 వచ్చింది. మా లెక్క ప్రకారం ఇది పాస్. ఆర్డర్‌లో వేరే వెలుతురు ప్రస్తావన లేదు. కోసిన గుడ్డపై ఫిర్యాదు తీసుకోము. అయినా మన మధ్య ఉన్న సంబంధం దృష్ట్యా లాట్ 2 పై 5 శాతం తగ్గిస్తాం. లేదా మళ్లీ అద్ది ఇస్తాం.

5 శాతం తీసుకోవాలా? మళ్లీ అద్దించుకోవాలా? లాట్ 2 ని విడిగా వేరే చొక్కాలకు వాడితే నష్టం లేదు కదా అనీ అనిపిస్తోంది.

---

నూలుపోగు · శుక్రవారం, ఉదయం 10:55

మళ్లీ అద్దించుకోండి, పోయేదేముంది.

---

అద్దకం మేస్త్రి · శుక్రవారం, ఉదయం 11:20

పోయేది ఉంది. ఇప్పటికే ఉన్న రంగు మీద ఇంకో రంగు వేస్తే గుడ్డ ముదురుతుందే తప్ప తేలిక పడదు. పైపెచ్చు, ఆ ఎర్రబారే రంగు అడుగున అలాగే ఉంటుంది. పగటికి మళ్లీ కలుస్తుంది, బల్బు కింద మళ్లీ విడిపోతుంది. దాన్ని పూర్తిగా వదిలించాలంటే రంగు ఊడదీయాలి. ఆ రసాయనాలకు నూలు బలం తగ్గుతుంది. రెండోసారి తడిస్తే ముడుచుకోవడం కూడా మారుతుంది, మీ కొలతలు తప్పుతాయి. మీ దగ్గర ఉన్న తేడాకి నేనైతే మళ్లీ అద్దకం ఒప్పుకోను.

విడిగా వాడుకోవడం తప్పు కాదు. లాట్ 2 లో వాటిలో వాటికి తేడా లేదన్నారు కదా. పూర్తి చొక్కా ఆ గుడ్డలోనే కోస్తే చొక్కాకి చొక్కాకి తేడా ఉంటుంది గానీ, ఒకే చొక్కాలో ఉండదు. అలా అమ్మగలరా అన్నది మీ లెక్క. ఒకే దుకాణంలో రెండు లాట్ల చొక్కాలు పక్కపక్కన వేలాడదీస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ఆ ప్రశ్న అడగండి. రెండు వాక్యాలు చాలు.

---

లెక్కపక్కా · శుక్రవారం, ఉదయం 11:40

ఇలాంటి వాటికి 15 శాతం తగ్గింపు ఇస్తారు. అదే అడగండి.

---

గుడ్డలబేరం · శుక్రవారం, మధ్యాహ్నం 12:10

ఆ 15 ఎక్కడ పుట్టింది? స్థిరమైన శాతం ఏదీ లేదు. గుడ్డను వేరే పనికి వాడుకోవడం వల్ల ఆమెకు ఎంత పోతుందో ఆ లెక్క చూపిస్తే మాట్లాడుకుంటాం.

---

చిన్నకుట్టు · శుక్రవారం, మధ్యాహ్నం 2:30

పంపాను.

> మీ జవాబుకు ధన్యవాదాలు. 5 శాతం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందుగా ఒక విషయం తెలియజేయండి: లాట్ 2 లో వాడిన మూడు రంగులూ, ఆమోదించిన ల్యాబ్ డిప్‌లో వాడిన రంగులేనా? రెండు అద్దకపు చీటీల ప్రతులు పంపగలరు.

---

చిన్నకుట్టు · శనివారం, సాయంత్రం 6:40

చీటీలు రాలేదు. ఫోన్ వచ్చింది. లాట్ 1 అయ్యేసరికి పసుపు రంగు అయిపోయిందట. వేరే కంపెనీ పసుపు వేసి, పగటి వెలుతురుకు కలిపారట. "మీకు చెప్పాల్సింది, పని ఒత్తిడిలో వదిలేశాం" అన్నారు. అద్దకం మనిషి కాబోలు, మాట సూటిగా ఉంది. ముందురోజు మెయిల్ రాసిన మనిషి వేరు.

వెంటనే నేను మెయిల్ పెట్టాను: "ఇప్పుడు ఫోన్‌లో మీరు చెప్పినట్టు, లాట్ 2 లో పసుపు రంగు మార్చారని, దాని బదులు గుడ్డ ఇవ్వడానికి అంగీకరించారని నేను అర్థం చేసుకున్నాను. తప్పయితే చెప్పండి." గంటలో "సరే" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

8, 10, 11, 12 రోల్స్ పూర్తిగా వెనక్కి తీసుకుంటారు. 9వ రోల్‌లో మిగిలిన 76 మీటర్లు నేనే ఉంచుకుంటాను, దాని మీద ఎంత తగ్గింపు అనేది తేలలేదు.

---

కత్తెరరాజు · శనివారం, రాత్రి 7:15

కోసిన 40 చొక్కాల చేతులకు?

---

చిన్నకుట్టు · శనివారం, రాత్రి 7:22

అది అడిగాను. "కోసింది మీరు" అన్నారు. అక్కడ నాకు నోరు పెగల్లేదు. ఒళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి, చేతులు మళ్లీ 3వ రోల్‌లోంచి కోయిస్తున్నాను. ఎర్ర చేతులు పక్కన పెట్టాను.

---

గుడ్డలబేరం · శనివారం, రాత్రి 7:50

రంగు మార్చామని ఒప్పుకున్నాక కోసిన గుడ్డ విలువ కూడా వాళ్లే భరించాలని నా అభిప్రాయం. ఇందాక వేరే పక్క మాట్లాడాను, రంగు మార్చి చెప్పకపోవడం మాత్రం మా వ్యాపారంలోనూ తప్పే.

---

కత్తెరరాజు · శనివారం, రాత్రి 8:05

రెండు తానులు కలపకుండా ఉంటే ఆ చేతులు కోసేవారే కాదు. సగం ఇద్దరూ పంచుకోవాలి.

---

అద్దకం మేస్త్రి · శనివారం, రాత్రి 9:10

ఆ పంపకం మీద నాకు అభిప్రాయం లేదు. కొత్త గుడ్డ సంగతి చెబుతాను. వాళ్లు ఇప్పుడు మూడో లాట్ వేస్తారు. పాత పసుపు తెప్పించినా అది కచ్చితంగా లాట్ 1 లా రాకపోవచ్చు. అందుకే లాట్ 1 ముక్క ఒకటి వారికి పంపండి, ల్యాబ్ డిప్‌తో పాటు దానితోనూ పోల్చమనండి. మొత్తం గుడ్డ ఫినిషింగ్‌కు వెళ్లకముందే మొదటి తాను నుంచి ఒక ముక్క పంపించమనండి. మీరు రెండు వెలుతురుల్లోనూ చూసి, అవునని మెయిల్‌లో రాశాకే మిగతా పని. అది చల్లారాక చూడండి, నూలుపోగు గారి అనుభవం గుర్తుంచుకుని.

వచ్చే ఆర్డర్ కాగితంలో ఒక వాక్యం చేర్చండి: "D65, A రెండు వెలుతురుల్లోనూ ఆమోదించిన నమూనాతో CMC 2:1 లెక్కన 1 లోపు ఉండాలి, రంగులు మార్చేముందు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి." దానికి వాళ్లు ధర పెంచమని అడిగితే అడగనివ్వండి. ఒక్కో రంగుకి ఆ హద్దు సాధ్యం కాదని కూడా చెప్పవచ్చు, అది నిజమే కావచ్చు, అప్పుడు 1.2 అనో ఏదో మాట్లాడుకోండి.

---

చిన్నకుట్టు · బుధవారం, రాత్రి 8:30

మొదటి తాను ముక్క ఈరోజు వచ్చింది. పగలు బాగుంది. బల్బు కింద 1వ రోల్ పక్కన పెట్టి చూశాను, ఎరుపు లేదు. కాస్త పచ్చగా ఉందేమో అనిపిస్తోంది, అదీ అంచు మీద అంచు ఎక్కించి చూస్తేనే. దర్జీకి చూపిస్తే "ఏది ఏదో మీరే చెప్పండి" అన్నాడు. రేపు పొద్దున ఇంకోసారి చూసి, పరీక్షశాలకు పంపి, అప్పుడు జవాబిస్తాను.

---

ముగ్గుబుట్ట · బుధవారం, రాత్రి 9:05

ఆ ఎర్ర చేతులు 80 ఉన్నాయి కదా. పిల్లల నిక్కర్లకు సరిపోవూ?

---

కత్తెరరాజు · బుధవారం, రాత్రి 9:12

చేతి ముక్కలో చిన్న నిక్కరు ఒక కాలు వస్తుంది. రెండు ముక్కలకు ఒక నిక్కరు. 40 వస్తాయి. ఈసారి రెండు కాళ్లూ ఒకే తానులోంచే వస్తున్నాయి, అది చాలు.